ట్యూబ్ కట్టర్ వర్సెస్ హాక్సా బ్లేడు: ఏసీ రాగి పైపుల మీద ఏళ్ళ తరబడి వాడాక నా మాట

విజయనగరంలో ఏసీ, ఫ్రిజ్ పనులు చేస్తుంటాను, ఎండాకాలం వస్తే బొబ్బిలి, చీపురుపల్లి, ఇటు శ్రీకాకుళం దాకా కూడా తిరగాల్సొస్తది. ట్యూబ్ కట్టర్ కొనాలా, హాక్సాతో సరిపోతదా అని కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాళ్ళు అడుగుతుంటారు, వాళ్ళ కోసం రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, పైపు చివర గరాటులా విప్పి నట్టుతో బిగించే ఫ్లేర్ జాయింట్ వేసే రాగి పైపుకి హాక్సా వద్దు. కాకపోతే కట్టర్ కొనీసి దానితోపాటు వచ్చే, పైపు లోపలి అంచు గీరే రీమర్‌ని మడత విప్పకుండానే వదిలేసేవాళ్ళకి కూడా లీకులు వస్తాయి, ఆ సంగతి మాత్రం చాలామంది చెప్పరు.

నా దగ్గర రెండు కట్టర్లున్నాయి. ఒకటి మామూలు సైజుది, రోజువారీ పనంతా దానితోనే, ఇంకోటి అరచేతిలో పట్టే చిన్నది. ఇన్‌డోర్ వెనకాల గోడకి పైపుకి మధ్య చెయ్యి కూడా దూరని చోట పెద్దది తిరగదు, అక్కడ చిన్నదే గతి. చిన్నదానికి పట్టు తక్కువ, అర అంగుళం పైపు కోసేసరికి వేళ్ళు నొప్పెడతాయి, అయినా దాన్ని సంచీలోంచి తియ్యను.

హాక్సా పంటి పంటికీ రాగిని గీరి తీస్తది, ఆ గీరిందంతా రజనుగా రాలుతుంది, అందులో సగం పైపు లోపలికే పోతది. కట్టర్ చక్రం అలా గీరదు, రాగిని పక్కకి నొక్కుకుంటూ దిగుతుంది, అందుకే రజను ఉండదు. అయితే నొక్కిన రాగి ఎక్కడికో పోవాలి కదా, అది పైపు నోట్లోకి మడుచుకుంటుంది, వేలు పెడితే లోపల చుట్టూ ఒక గట్టులా తగులుతుంది. అంటే కట్టర్‌తో కోస్తే బర్ అసలు రాదన్న మాట అబద్ధం, బయట రాదు, లోపల తప్పకుండా వస్తది.

ఇక చివర సమంగా ఎందుకుండాలంటే, అర అంగుళం పైపు లెక్క తీసుకోండి, బయటి వ్యాసం 12.7 మిల్లీమీటర్లు. చివర ఒక పక్క ఇంకో పక్క కంటే 1 మిల్లీమీటర్ ఎత్తుగా ఉందనుకోండి, అది నాలుగున్నర డిగ్రీల వాలు, ఇంత వాలు కంటికి పెద్దగా ఆనదు, చూసి బాగానే ఉందనే అనుకుంటాం. ఫ్లేరింగ్ బార్‌లో ఆ పైపుని సగటున 1 మిల్లీమీటర్ పైకి పెట్టి బిగించామంటే ఒక పక్క అర మిల్లీమీటర్, రెండో పక్క ఒకటిన్నర బయటికి ఉంటది. ఫ్లేరింగ్ టూలు కోన్ దిగాక అర ఉన్న పక్క ఫ్లేర్ సన్నగా వస్తది, వాల్వ్ మీద సీటుని పూర్తిగా కప్పదు. ఒకటిన్నర ఉన్న పక్క వెడల్పుగా వచ్చి నట్టు లోపలి గోడకి రాసుకుంటది, నట్టు బిగిస్తుంటే పైపు కూడా తిరగడానికి చూస్తది. వాల్వ్ మీద ఇత్తడి కోన్, దాని మీద ఈ రాగి ఫ్లేరు, ఈ రెండు ముఖాలూ చుట్టూ ఒకేలా ఆనితేనే గేస్ ఆగుతుంది, లోపల వాషరూ ఉండదు రబ్బరూ ఉండదు. పాత R22 గేస్ మెషీన్లలో ఇలాంటి వంకర ఫ్లేర్లు ఎలగోలా నెట్టుకొచ్చీవి, ఇప్పుడొచ్చే R32 ప్రెషర్ దానికి ఒకటిన్నర రెట్లకి పైమాటే, దాచడం కుదరదు.

నెల్లిమర్ల వైపు ఒక ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ, వేరే ఎవరో బిగించారు, ఆ తరవాత గేస్ కూడా ఒకసారి ఎక్కించారు, మళ్ళీ కూలింగ్ లేదు. ఇంటాయన నన్ను చూడగానే "ఏటి బావూ, మొన్ననే కదా గేస్ ఏసినారు, మళ్ళీ ఏటైపోనాది" అన్నాడు. సబ్బు నీళ్ళు పెట్టి చూస్తే అవుట్‌డోర్ దగ్గర లావు పైపు నట్టు చుట్టూ చిన్న చిన్న బుడగలు, మెల్లగా ఉబ్బుతున్నాయి. అంతకుముందు వచ్చినవాళ్ళు ఆ నట్టుని ఇంకా బలంగా బిగించినట్టున్నారు, మూలలు అరిగిపోయి స్పానరు జారుతోంది. మిగిలిన గేస్ తీసీసి నట్టు విప్పితే సంగతి తెలిసింది, ఫ్లేర్ ఒక పక్క వెడల్పు, ఒక పక్క సగం, ముఖం మీద రంపపు గీతలు కోన్ నొక్కినా పోలేదు, అలాగే కనబడుతున్నాయి. నట్టు లోపల నూనెకి అంటుకుని రాగి రజను మెరుస్తోంది. ఆ రజను పైపులో లోపలికి పోతే జాలీకి అడ్డం పడతది, జాలీ దాటిన మెత్తటి పొడి నూనెలో కలిసి కంప్రెసర్ లోపల గీతలు పెడుతుంది, లీకు కంటే నాకు దాని భయమే ఎక్కువ.

అదృష్టం ఏటంటే పైపుకి కొంచెం వదులుంది. మంచి కట్టర్ రోలర్లకి మధ్యలో ఒక గాడి ఉంటది, అది ఎందుకో చాలామందికి తెలీదు, పాత ఫ్లేరుని ఆ గాడిలో కూర్చోబెడితే చక్రం సరిగ్గా ఫ్లేర్ మొదట్లోనే పడుతుంది, పైపు ఎక్కువ వృథా అవ్వదు. వదులు తక్కువున్న చోట ఈ ఒక్క గాడే పైపు మార్చే ఖర్చు తప్పిస్తది. ఇక్కడ మాత్రం రంపం గీతలూ రజనూ ఉన్నాయి కాబట్టి గాడితో కాకుండా ఇంకాస్త వెనక్కి వెళ్ళి కోశాను.

కోసేటప్పుడు చక్రం పైపుకి ఆనేదాకా తిప్పి, అక్కడాపి కట్టర్‌ని పైపు చుట్టూ ఒక పూర్తి చుట్టు తిప్పాలి. గీత మొదలైన చోటికే వచ్చి కలిస్తే చక్రం సరిగ్గా కూర్చున్నట్టు. పక్కకి జరిగి మర చుట్టులా పోతుంటే ఆపేసి మళ్ళీ పెట్టుకోవాలి, ఆ గీత మీదే బలవంతంగా తిప్పితే పైపంతా స్క్రూ చుట్లు పడతాయి. గీత కలిశాక ఒక్కో చుట్టుకి నాబ్‌ని పావు తిప్పు కంటే తక్కువే బిగిస్తూ పోవాలి, ఎనిమిదో పదో చుట్లకి అదే ఊడి వస్తది. తొందరపడి ఒకేసారి బిగిస్తే మెత్తటి రాగి కదా, కోడిగుడ్డులా అయిపోతది, లోపలి గట్టు కూడా లావుగా మడుచుకుంటది, అప్పుడు రీమర్‌తో ఎంత గీరినా నోరు గుండ్రంగా రాదు.

రీమింగ్ చేసేటప్పుడు పైపు నోరు కిందికి వంచి పట్టుకోవాలి, ఇది కచ్చితం. గీరిన పొడి కింద పడాలి గానీ లోపలికి పోకూడదు, లేకపోతే హాక్సాతో కోసిన దానికీ దీనికీ తేడా ఏటుంది. అవుట్‌డోర్ దగ్గర పైపు పైకి చూస్తుంటే మెల్లగా వంచి అయినా కిందికి తెచ్చుకోండి. మెత్తగా రెండు మూడు చుట్లు తిప్పి గోరుతో లోపలి అంచు చూడాలి, గట్టు తగలడం ఆగిపోయిందంటే చాలు, ఆపీయాలి. ఇక్కడ అతిగా చేసేవాళ్ళని చూశాను, మెరవాలని గీరుతూనే ఉంటారు. ఆ పైపు మందం 0.8 మిల్లీమీటర్ చుట్టుపక్కల, అందులో సగం గీరేస్తే అంచు బ్లేడులా పలచబడుతుంది, ఫ్లేర్ తెరిచేటప్పుడు అక్కడే వెంట్రుకవాసి పగులు వస్తది, అది వెంటనే కనబడదు, నట్టు బిగించాక పెద్దదవుతుంది. తక్కువ గీరితే ఇంకో గొడవ, మిగిలిన గట్టు కోన్ కింద నలిగి ఫ్లేర్ ముఖం మీదే మడతగా పడుతుంది, సీటుకి మధ్యలో ఆ మడత అడ్డం.

ఆ ఇంట్లో నట్టు కూడా కొత్తది వేశాను, ముందు నట్టు ఎక్కించీసి తరవాతే ఫ్లేర్. నా దగ్గరున్నది క్లచ్ ఉన్న ఫ్లేరింగ్ టూలు, దానికి పైపు బార్ మీద నుంచి 0 నుంచి 0.5 మిల్లీమీటర్ ఎత్తుంటే చాలు, పాతకాలం రెక్కల స్క్రూ టూలుకి ఒకటిన్నర నుంచి 2 దాకా కావాలి, ఏ టూలుకి దాని లెక్క. ఫ్లేర్ వచ్చాక వెర్నియర్ పెట్టి కొలిచాను, అర అంగుళానికి 16.6 మిల్లీమీటర్లు రావాలి, కొంచెం తక్కువుంది, పరవాలేదు. కొలత కంటే ముఖ్యం చుట్టూ వెడల్పు ఒకేలా ఉందా, ముఖం గీత లేకుండా ఉందా అన్నది, సెల్‌ఫోన్ లైటు వేసి తిప్పి చూస్తే తెలిసిపోతది. వెనకాల ఒక చుక్క కంప్రెసర్ నూనె రాసి, చేత్తో నట్టు ఎక్కినంత ఎక్కించి, టార్క్ రెంచితో 50 నుంచి 60 న్యూటన్ మీటర్ల మధ్య బిగించాను. నైట్రోజన్ పట్టి చూస్తే సబ్బు నీళ్ళకి ఒక్క బుడగ లేదు, గేజు ముల్లు కదల్లేదు. తరవాత వ్యాక్యూమ్ లాగి, ప్లేటు మీద రాసున్నంత గేస్ తూకం వేసి ఎక్కించాను.

కట్టర్ కొనేటప్పుడు షాపులోనే ఒక ముక్క పైపు అడిగి చుట్టు తిప్పి చూడండి, చక్రం ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతుంటే వదిలీయండి, ధర ఎంత తక్కువైనా సరే. నా మొదటిది చవకది, రోలర్లు తొందరగా అరిగి గీత కలవడం మానేసింది. చక్రం మొండిబారితే ఎలా తెలుస్తదంటే, అదే పైపుకి ముందుకంటే ఎక్కువ బిగించాల్సొస్తది, లోపలి గట్టు లావుగా వస్తది. చక్రం అంచు ఎక్కడో విరిగితే అది తిరిగే ప్రతి చుట్టుకీ కోత మీద ఒకచోట గీత తెగకుండా ఉంటది. చక్రం విడిగా దొరుకుతుంది, రెండు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటాను. రాగి కోసే చక్రంతో ఇనప పైపు కోయకండి, ఒక్కసారికే పాడైపోతది. కళింగపట్నం, భావనపాడు వైపు పనికి వెళ్ళొస్తే ఆ ఉప్పుగాలికి ఇరుసు పట్టేస్తది, ఇంటికొచ్చి ఒక చుక్క నూనె వేసి తుడుస్తాను.

హాక్సా పారేయలేదు. జీఐ పైపు, యాంగిల్ ముక్కలు, సీపీవీసీ దానితోనే కోస్తాను. సీపీవీసీకి కూడా చివర సమంగా ఉండాలి, సాకెట్ అడుగుదాకా దిగాలి కాబట్టి, బయటి అంచు బర్ తీసి కొంచెం వాలుగా గీరకపోతే పైపు దిగేటప్పుడు ఆ అంచే సిమెంటుని గోకేసి వెనక్కి నెడుతుంది. రాగి పైపే తప్పనిసరిగా హాక్సాతో కొయ్యాలంటే అంగుళానికి 32 పళ్ళ బ్లేడు వేసి, నోరు కిందికి పెట్టి కోసి, ఆకురాయితో సమం చేసి మూలమట్టం ఆనించి చూసి, లోపల బయట రెండూ తీసి, గుడ్డతో తుడిచి, బ్రేజింగ్ జాయింటుకి వాడుకోండి, అక్కడ కాస్త వాలుంటే వెండి కలిసిన రాడ్డు నింపుకొస్తుంది, లోపలికి దిగిన పొడవు తగ్గుతుందంతే. ఫ్రిజ్‌లో ఉండే సన్నటి క్యాపిలరీ పైపుకి మాత్రం ఈ రెండూ పెట్టకండి, కట్టర్ చక్రం ఆ సన్నటి రంధ్రాన్ని మూసీస్తుంది, హాక్సా పొడితో నింపీస్తుంది, చుట్టూ ఆకురాయి అంచుతో సన్నగా ఒక గీత పెట్టి అటూ ఇటూ మెల్లగా వంచితే దానంతటదే తెగుతుంది, తెగాక రంధ్రం గుండ్రంగా ఉందో లేదో వెలుతుర్లో చూసుకుని అతికించండి.