30 సెకన్ల కుర్చీ పరీక్ష: చాలాకాలం వాడాక నా మాట

కొత్తగా చేరినవాళ్లకి వ్యాయామ ప్రోగ్రాం రాసే ముందు చేయించే పరీక్షల్లో ఒక్కటే ఉంచుకోమంటే నేను కుర్చీ పరీక్షే ఉంచుకుంటాను. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం, అంతే. పుషప్‌లు, ప్లాంక్ సంగతి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా.

దీని మీద నాకు ఇంత గురి కుదరడానికి కారణం ఒక రిటైర్డ్ ఉద్యోగి. 62 ఏళ్లు. ఫారంలో బీపీ అని రాశారు, వ్యాయామానికి డాక్టర్ సరేనన్నారు. ముందు స్టెప్ టెస్ట్ చేయించాను. 12 అంగుళాల మెట్టు, నిమిషానికి 96 సార్లు టిక్కుమనేలా మెట్రోనోమ్ పెట్టి ఆ తాళానికి మూడు నిమిషాలు ఎక్కి దిగాలి, కూర్చోగానే నిమిషం పాటు నాడి చూడాలి. 90 వచ్చింది. పట్టిక ప్రకారం ఆ వయసుకి బాగున్నట్టే. కానీ మనిషి రొప్పుతున్నారు, ఒక వాక్యం మధ్యలో రెండుసార్లు ఆగుతున్నారు. "ఏ మాత్ర వేసుకుంటారు సార్?" అని అడిగితే లోపల్నుంచి స్ట్రిప్ తెప్పించారు. మెటోప్రొలాల్! అది గుండె వేగాన్ని పెరగనివ్వదు. ఆ మందు వాడేవారికి నాడి పట్టిక పనికిరాదు. అప్పట్నుంచి మందుల స్ట్రిప్ చూడందే నేను మెట్టు ముట్టుకోను.

కాసేపు కూర్చోబెట్టి కుర్చీ పరీక్ష పెడితే 10 వచ్చింది. 60-64 ఏళ్ల మగవాళ్లకి 14 కన్నా తగ్గితే సగటు కంటే తక్కువ. అంకె కన్నా లేచిన తీరే ఎక్కువ చెప్పింది: ఏడు దాకా నిటారుగా లేచారు, ఎనిమిదో సారి నుంచి మోకాళ్లు లోపలికి వాలాయి, ఒళ్లు ముందుకు ఊపి లేస్తున్నారు. అందుకని బరువులు పక్కన పెట్టి, కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచి, మోకాళ్లు వాలకముందే ఆపేలా లేవడం కూర్చోవడంతో మొదలుపెట్టాం. నడకకి నాడి లెక్క పెట్టలేదు, ఆగకుండా ఒక వాక్యం చెప్పగలిగే వేగం చాలన్నాను. ఆరు వారాలకి అదే కుర్చీ మీద 13.

పెరిగిన ఆ మూడూ కండబలమే అనను. రెండోసారి చేసేటప్పటికి ఒడుపు తెలిసిపోతుంది, అందుకే మొదటిరోజే రెండు మూడుసార్లు లేపి చూశాకే లెక్క మొదలుపెట్టాలి. సీటు 43 సెంటీమీటర్ల ఎత్తుండాలి. ఇళ్లలో ప్లాస్టిక్ కుర్చీలు ఒక్కోటి ఒక్కో ఎత్తు, పైగా జారతాయి, గోడకి ఆనించాల్సిందే. మోకాలి నొప్పి ఉన్నవాళ్లలో ఆ అంకె నొప్పినే చూపిస్తుంది, బలాన్ని కాదు.

నేను ఇళ్లకి వెళ్లి శిక్షణ ఇస్తాను, నా దగ్గర నేర్చుకునేవాళ్లు ఎక్కువగా యాభై దాటినవాళ్లు. కాబట్టి టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక కుర్చీ ఉంటే నాకు గడిచిపోతుంది. జిమ్‌లో పాతికేళ్ల కుర్రాళ్లని చూసేవాళ్లకి దీంతో పెద్దగా తేడా తెలియదు, అందరూ గబగబా లేచి కూర్చుంటారు. వాళ్లకి స్టెప్ టెస్టే నయం.