ఆరేళ్లు, 38 వేల కిలోమీటర్లు: నడుస్తూ నడుస్తూ ఆగిపోయే 110 సీసీ స్కూటర్

2018లో కొన్న కార్బొరేటర్ బండి. నెల్లిమర్ల నుంచి విజయనగరం కాలేజీకి రోజూ రాకపోకలు. మైలేజీ ఇప్పటికీ 45 దాకా వస్తోంది, బెల్టు ఒక్కసారే మార్చాను, సీటు కింద పెట్టెలో హెల్మెట్ పడుతుంది. వీటి గురించి అందరూ రాసేశారు. ఐదో ఏడు మొదలైన జబ్బు గురించి చెప్తాను, ఎందుకంటే ఇది ఒక్క మోడల్‌కే పరిమితం కాదు.

వారానికి రెండుసార్లు, ఏ వేగంలో ఉన్నా బండి ఆగిపోయేది. రెండు మూడు నిమిషాలు కెలికితే మళ్లీ స్టార్ట్. మెకానిక్ మాట ఒకటే: "పెట్రోల్లో చెత్త బావూ, కార్బొరేటర్ కడిగేద్దాం." కడిగాక నాలుగు రోజులు బాగానే నడిచింది. తర్వాత ప్లగ్ మార్చాం, ఇంకో ఐదు రోజులు. ఈ నాలుగైదు రోజులే మోసం. వారానికి రెండుసార్లు వచ్చే జబ్బు నాలుగు రోజులు రాకపోతే నయమైనట్టు కాదు. ఒక్కటి మార్చి కనీసం రెండు వారాలు చూడాలి, అప్పటిదాకా రెండోదాని జోలికి పోకూడదు.

ఆగిన ప్రతిసారీ నాలుగు సంగతులు పుస్తకంలో రాశాను: ట్యాంకులో పెట్రోలు ఎంత, ఇంజన్ ఎంతసేపు నడిచింది, వాన ఉందా, ఆగేముందు ఏం జరిగింది. మొదటి మూడింటికీ పొంతన లేదు. నాలుగో వరసలో మాత్రం పదకొండింట ఎనిమిదిసార్లు గొయ్యో, స్పీడ్ బ్రేకరో ఉంది.

ఆగే తీరు కూడా చెప్పేస్తుంది. పెట్రోలు అందకపోతే బండి ముక్కుతుంది, గుంజుతుంది, యాక్సిలరేటర్ తిప్పినా లాగదు, ఆ తర్వాతే చస్తుంది. ఇది స్విచ్ ఆపినట్టు ఠక్కున ఆగేది. అయినా అనుమానం మిగలకూడదని, ఆగినచోటే ఇంజన్ కాస్త చల్లారనిచ్చి, కార్బొరేటర్ అడుగు గిన్నెకున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి చిన్న సీసా పట్టాను. పెట్రోలు ధారగా వచ్చింది. ఇంధనం వైపు తలుపు మూసేశాను.

హారన్ మోగుతోంది, సెల్ఫ్ తిరుగుతోంది, కాబట్టి బ్యాటరీ, మెయిన్ ఫ్యూజు బాగున్నాయి. తరవాత పెట్టెలో ఉంచుకున్న పాత ప్లగ్‌ని క్యాప్‌కి తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టాను (ఈ పని పెట్రోలు పట్టిన రోజు కాదు, ఇంకో రోజు, రెండూ ఒకేసారి చేస్తే నిప్పంటుకుంటుంది). స్పార్క్ లేదు. బండిని ఒకసారి స్టాండు మీంచి దింపి మళ్లీ ఎక్కించాక అదే ప్లగ్‌లో స్పార్క్ వచ్చింది.

ఏ భాగమూ మార్చకుండా, కదిలిస్తేనే స్పార్క్ వచ్చిందంటే స్పార్క్ పుట్టించే సీడీఐ, కాయిల్ కొనే ముందు తీగలు చూడాలి. సెంటర్ స్టాండ్ వేసి, సీటు కింది పెట్టె విప్పి, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, కనెక్టర్లను ఒక్కొక్కటిగా మెల్లగా కదిపాను. వెనక చక్రానికి, ప్లగ్ తీగకు చెయ్యి దూరంగా ఉండాలి. మూడు కనెక్టర్లకు ఏమీ కాలేదు. పల్సర్ కాయిల్ నుంచి వచ్చే రెండు తీగల కనెక్టర్ ముట్టుకోగానే ఇంజన్ ఠప్. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

ఎప్పుడు నిప్పు వెయ్యాలో సీడీఐకి చెప్పేది ఈ పల్సరే. ఆ సంకేతం చాలా బలహీనం, కొంచెం వదులైనా తెగిపోతుంది. పైగా స్కూటర్లో ఇంజన్ వెనక చక్రంతో కలిసి పైకీ కిందికీ ఊగుతుంది, ఫ్రేము కదలదు. ఇంజన్ నుంచి ఫ్రేముకి దాటే తీగలు ప్రతి గోతిలోనూ వంగుతాయి. నా బండిలో ఎవరో సర్వీసులో ఆ తీగల్ని ట్యాగుతో బిగించి కట్టేశారు, వదులు లేక గొయ్యి వచ్చినప్పుడల్లా కనెక్టర్‌ని లాగేది. కార్బొరేటర్ కడిగినా, ప్లగ్ మార్చినా పెట్టె విప్పడంలో ఆ తీగలు కదిలి పిన్ను సర్దుకునేది. పేరు మాత్రం కార్బొరేటర్‌కి వచ్చేది.

కీ తీసి, తీగను కాక ప్లాస్టిక్ ఒంటిని పట్టుకుని ఊడదీశాను. ఒక ఆడ పిన్ను నోరు విచ్చుకుంది, లోపల పచ్చటి చిలుము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిచ్చి, సన్నని సూదితో ఆ నోటిని వెంట్రుకవాసి మూశాను. మగ పిన్ను కాస్త బిగువుగా దిగాలి. ఎక్కువ మూస్తే పిన్నే వంగిపోతుంది. క్లిక్ వినపడేదాకా నొక్కి, పాత ట్యాగు కోసేసి, రెండు వేళ్లంత వదులు వదిలి కొత్తది కట్టాను.

ఏడు నెలలైంది, మళ్లీ ఆగలేదు. చిలుము బాగా తినేసి ఉంటే సూదితో లాభం లేదు, పిన్ను మార్చి క్రింప్ చేయించాల్సిందే. నాది వచ్చే వర్షాకాలం దాకా చూస్తాను.