అటల్ పెన్షన్ యోజన: కట్టడం తేలికే, ఆటో డెబిట్‌తోనే తంటా

ఏళ్ల తరబడి కడుతున్నాను కాబట్టి అర్హతలు, వయసుల పట్టిక జోలికి పోను. నాకు కోపమంతా ఆటో డెబిట్ మీదే. నెల జీతం వచ్చేవాళ్లకు అది సదుపాయం. పని దొరికిన రోజే డబ్బు చూసే తాపీ మేస్త్రీకీ, అడ్డా కూలీకీ అదే గుదిబండ.

30 ఏళ్ల వయసులో చేరి, 60 నిండాక నెలకు 5,000 రూపాయల పెన్షన్ ఎంచుకుంటే కిస్తీ నెలకు 577 రూపాయలు. నెలాఖరు దాకా ఖాతాలో అంత లేకపోతే ఆ కిస్తీ బకాయి కింద మారుతుంది. ప్రతి వంద రూపాయలకూ, వందలో ఏ కొంత మిగిలినా, నెలకో రూపాయి అపరాధ వడ్డీ. అంటే 577కు నెలకు 6 రూపాయలు. ఇది పెద్ద భారం కాదు, ఆ వడ్డీ కూడా మన పెన్షన్ నిధిలోకే చేరుతుంది.

దెబ్బ తగిలేది ఆ తర్వాత. వానల్లో పనుల్లేక జులై, ఆగస్టు, సెప్టెంబరు కిస్తీలు తప్పాయనుకోండి. అక్టోబరులో కూలి డబ్బు పడగానే ఆ నెలదీ చేర్చి నాలుగు కిస్తీలు కలిపి 2,308, వడ్డీ 18, 12, 6 చొప్పున 36, మొత్తం 2,344 రూపాయలు కోసుకోవచ్చు. బ్యాంకు నెలలో ఎన్నిసార్లైనా ప్రయత్నిస్తుంది. బియ్యానికని ఉంచుకున్న డబ్బు ఏటీఎంకు వెళ్లేలోపే మాయం. అడిగితే మా బ్రాంచిలో “సిస్టమ్ కట్ చేసింది” అన్నారే తప్ప లెక్క విడమరిచి చెప్పలేదు. పాస్‌బుక్‌లో వింత అంకె కనిపిస్తే పై పద్ధతిలో మీరే లెక్క కట్టి చూడండి.

దీనికి మందు, కూలి పడే ఖాతాకు పెన్షన్ తగిలించకపోవడం. కనీస నిల్వ అక్కర్లేని వేరే ఖాతా తెరిచి, చేతిలో డబ్బు ఆడిన రోజుల్లో అందులో వేసిపెట్టాలి. పంట చేతికొచ్చినప్పుడే డబ్బు చూసేవాళ్లకు ఆరు నెలల కిస్తీ నయం. పైన చెప్పిన 30 ఏళ్ల లెక్కకు అది 3,405 రూపాయలు, నెలనెలా కట్టేదానికన్నా 57 తక్కువ. కాకపోతే ఆ అర్ధ సంవత్సరంలో మొదటి నెలాఖరుకే డబ్బు సిద్ధంగా ఉండాలి. ఆ తేదీ మీ సీజనుతో కలవకపోతే మూడు నెలల పద్ధతి అడగండి.

చందాదారు పోయాక జీవిత భాగస్వామికి అదే పెన్షన్, ఇద్దరి తర్వాత నామినీకి 8.5 లక్షలు రావడం నాకు బాగా నచ్చిన సంగతి. ఈ మాట అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు మరో మాట కలుపుతున్నాను: ఆ 5,000 ధరలతోపాటు పెరగదు. 60 లోపు మన ఇష్టంతో మానేస్తే కట్టిన సొమ్ము, దానిమీద వచ్చిన రాబడి, ఖర్చులు పోను చేతికొస్తాయి. ప్రభుత్వం తన వాటాగా ఏమైనా వేసి ఉంటే అది రాదు.

నాకు పిఎఫ్ లేదు, చేతిలో డబ్బు నిలవదు. అందుకే కొనసాగిస్తున్నాను. ఏడాదిలో నాలుగైదు నెలలు పనే ఉండనివాళ్లు 5,000కు పోకుండా 1,000 లేదా 2,000తో మొదలుపెట్టడం మేలు. ఏడాదికోసారి పెంచుకునే వీలుంది.