మూడేళ్లు స్ప్లిట్ టెస్టింగ్ వాడాక

పలాసలో మాది చిన్న జీడిపప్పు వ్యాపారం. ఈమెయిల్ లిస్టులో 2,400 మంది ఉన్నారు. రెండు రకాలు పంపి ఏది బాగా పనిచేస్తుందో చూసే స్ప్లిట్ టెస్టింగ్‌కు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పద్ధతినే మొదటి ఏడాది నమ్మాను. పదేసి శాతం మందికి రెండు సబ్జెక్ట్ లైన్లు పంపితే, నాలుగు గంటల తర్వాత గెలిచిన దాన్ని అదే మిగతావాళ్లకు పంపేస్తుంది. ఒకసారి ఒక్కో వైపు 240 మందిలో 52 మంది ఒకటి, 63 మంది ఇంకొకటి తెరిచారు. ఆ పదకొండు మంది తేడా చూసి, ధర ముందు పెడితేనే జనం తెరుస్తారని తీర్మానించుకున్నాను.

తర్వాత ఒక దీపావళికి ముందు రెండు వైపులా ఒకే సబ్జెక్ట్ లైన్ పెట్టి పంపాను. 48, 61 వచ్చాయి. సాఫ్ట్‌వేర్ రెండోదాన్ని విజేతగా చూపించింది. మా బావమరిది స్క్రీన్ చూసి, "ఏటి బావా, రెండూ ఒకటే కదా, మరిదెలా గెలిచింది?" అన్నాడు. ఒకే లైనుకు పదమూడు మంది తేడా వస్తే, నేను నమ్మిన పదకొండుకు విలువేముంది?

అప్పటి నుంచి టెస్టుకు ముందే ఈ లెక్క వేస్తున్నాను:

```
n = 16 × p × (1 − p) ÷ d²
```

p రెండు వైపుల సగటు రేటు, d మనం పట్టుకోవాలనుకునే తేడా, n ఒక్కో వైపు కావలసిన మంది. p, d రెండూ దశాంశాల్లో వేయాలి, నూటికి 20 అంటే 0.20. నూటికి 20 మంది తెరిచేది 25 అయిందా అని తేల్చాలంటే ఒక్కో వైపు దాదాపు 1,100 మంది కావాలి. అందుకే ఇప్పుడు లిస్టును సగం సగం చేసి పంపుతాను. పైగా 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో మనిషి తెరవకపోయినా తెరిచినట్టు నమోదయ్యే అవకాశం ఉంది కాబట్టి క్లిక్కులే లెక్కపెడతాను. క్లిక్కులు తక్కువ కాబట్టి, నూటికి నాలుగు ఏడయ్యేంత పెద్ద తేడా ఉంటేనే మా లిస్టులో తేలుతుంది.

మా సైటుకు వచ్చినవాళ్లు మొదట చూసే ల్యాండింగ్ పేజీని పరీక్షించడం ఇంకా కష్టం. రోజుకు నలభై మంది వస్తారు, నూటికి ముగ్గురు కొంటారు. మూడు నాలుగయిందా అని చూడాలంటే తొమ్మిది నెలలు పడుతుంది. అందుకని బటన్ రంగులు మార్చడం మానేసి, పెద్ద మార్పు ఒకటే పరీక్షించాను. ఒక పేజీలో ధర, డెలివరీ ఖర్చు పైనే పెట్టాం. రెండోది పాతదే. మూడు ఆరయితే పట్టుకోవడానికి ఆరు వారాలు చాలు. ఆ గడువు ముందే నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

తొమ్మిదో రోజున కొత్త పేజీకి 12 ఆర్డర్లు, పాతదానికి 4. సాఫ్ట్‌వేర్ 95 శాతం నమ్మకం అని పచ్చగా చూపించింది. ఆపేద్దామని చెయ్యి లాగింది. రోజూ తొంగిచూస్తే ఏదో ఒక రోజు ఇలాంటి అంకె కనబడే అవకాశం బాగా పెరుగుతుంది, అందుకే ఆగాను. ఆరు వారాలకు ఒక్కో వైపు 840 మంది వచ్చారు. 38, 27 ఆర్డర్లు. మూడింతల తేడా ఒకటిన్నర రెట్ల కంటే తక్కువకు పడిపోయింది, అది కూడా యాదృచ్ఛికంగా వచ్చి ఉండొచ్చు.

కొత్త పేజీనే ఉంచాం, డెలివరీ ఎంతని అడిగే ఫోన్లు తగ్గాయి కాబట్టి. నోట్‌బుక్‌లో మాత్రం ఆ టెస్టు ఎదురుగా "తేలలేదు" అనే రాశాను.