చేస్తూ చెప్పించాలా, చేశాక చెప్పించాలా: ఐదుగురితో యూజబిలిటీ టెస్ట్‌లో ఏది మేలు?

యూజబిలిటీ టెస్ట్ అంటే యాప్ వాడటం ఎంత సులువో కొందరితో వాడించి చూడటం. అందులో యూజర్ మనసులో ఏం నడుస్తోందో తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, యాప్ వాడుతుండగానే అనుకున్నదల్లా పైకి చెప్పించడం. రెండోది, పని నిశ్శబ్దంగా పూర్తి చేయనిచ్చి, వెంటనే స్క్రీన్ రికార్డింగ్ చూపిస్తూ "ఇక్కడ ఏమనుకున్నారు?" అని అడగడం. ఐదుగురే ఉన్నప్పుడు ఏది మేలు?

ఉదాహరణకు బస్ టికెట్ యాప్ ఒకటి తీసుకుందాం. యూజర్ చేతికిచ్చే పని ఇలా రాశామనుకోండి: "శుక్రవారం ఆఫీసు అయిపోయాక, ఆ రాత్రి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లాలి. మీకూ మీ అమ్మగారికీ పక్కపక్క సీట్లు తీసుకోండి." ఇందులో స్క్రీన్ మీద కనిపించే బటన్ పేరు ఒక్కటీ లేదు. అదే "జర్నీ డేట్‌లో శుక్రవారం ఎంచుకుని, వ్యూ సీట్స్ నొక్కండి" అని రాస్తే, యూజర్ ఆ మాటల్ని స్క్రీన్ మీద వెతికి పట్టుకుంటాడు. దాంతో తెలిసేది అతనికి చదవడం వచ్చని మాత్రమే.

ఇక టెస్ట్. యూజర్ శుక్రవారం తేదీ ఎంచుకుని, జాబితాలో 12.15కు బయల్దేరే బస్సు బుక్ చేశాడు. అది నిజానికి గురువారం అర్ధరాత్రి దాటాక వెళ్లే బస్సు. చేస్తూ మాట్లాడే పద్ధతిలో "శుక్రవారం రాత్రి పన్నెండుంపావు, బాగుంది, భోంచేసి తీరిగ్గా బయల్దేరొచ్చు" అని అతని నోటివెంట వస్తుంది. తప్పుతో పాటు కారణం కూడా దొరికింది: అతని లెక్కలో తెల్లారేదాకా శుక్రవారమే, యాప్ లెక్కలో మాత్రం 12 దాటితే రోజు మారిపోతుంది. రికార్డింగ్ చూపించి అడిగితే "టైమ్ కుదిరిందని తీసుకున్నా" అంటాడు. అదీ అబద్ధం కాదు. కానీ తప్పు చేశానని అతనికే తెలియదు కాబట్టి, అక్కడ ఆగి వివరించాలని తోచదు.

అయితే మాట్లాడటం పనిని మార్చేస్తుంది కూడా. పైకి చదువుతున్నవాడు "అరె, ఇది గురువారం రాత్రి కదా" అని మధ్యలో పట్టుకోవచ్చు. ఇంట్లో ఒంటరిగా అయితే పట్టుకునేవాడు కాదేమో. ఇందుకు భిన్నంగా, మాట్లాడుతూ చేయడం వల్లే తడబడేవాళ్లూ ఉంటారు. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగ్ మీద రెండు పద్ధతుల్నీ పోల్చినప్పుడు దొరికిన సమస్యల సంఖ్యలో పెద్ద తేడా రాలేదు. చేస్తూ మాట్లాడినవాళ్లు మాత్రం పనులు పూర్తి చేయడంలో కాస్త వెనకబడ్డారు.

కాబట్టి బుకింగ్‌కు ఎన్ని నిమిషాలు పడుతుందో కొలవాలంటే నిశ్శబ్ద పద్ధతే నయం. దాని ఖర్చు మరోలా ఉంటుంది. రికార్డింగ్ మళ్లీ చూడాలి కాబట్టి సెషన్ దాదాపు రెట్టింపవుతుంది. పైగా యూజర్ జరిగింది గుర్తు చేసుకోవడం మానేసి, తను చేసినదానికి సమర్థన అల్లడం మొదలుపెడతాడు.

కారణాలు వెతుకుతున్న మొదటి విడతకు నా ఓటు చేస్తూ చెప్పించడానికే. కాకపోతే నడిపేవాళ్లకు నోటి అదుపు ఉండాలి. యూజర్ మౌనంలోకి జారితే కాసేపు ఆగి "ఇప్పుడేం అనుకుంటున్నారు?" అంటే చాలు. "ఎందుకలా నొక్కారు?" అన్నామో, అక్కడి నుంచి ప్రతి నొక్కుకీ ఒక కారణం తయారు చేసుకుంటాడు. ఇంకో సంగతి: యాప్ ఇంగ్లిష్‌లో ఉన్నా మాట తెలుగులో రానివ్వండి. ఇంగ్లిష్‌లోనే చెప్పాలనే టెన్షన్‌లో చాలామంది సగం మింగేస్తారు.

తర్వాతి పని, చూసినదాన్ని ఫైండింగ్‌గా మార్చడం. "తేదీ దగ్గర యూజర్లు కన్ఫ్యూజ్ అయ్యారు" అని రాస్తే డెవలపర్‌కు ఏమీ అందదు. ఇలా రాయాలి: "అర్ధరాత్రి దాటాక బయల్దేరే బస్సుల్ని ఐదుగురిలో ముగ్గురు ఎంచుకున్న తేదీ రాత్రివిగా భావించి తప్పు తేదీకి బుక్ చేశారు. జాబితాలో టైమ్ పక్కన వారం పేరు లేదు. ఒక్కరూ పేమెంట్ వరకు గమనించలేదు. తీవ్రత: ఎక్కువ, బస్సు తప్పిపోతుంది." చూసింది, కారణం, నష్టం మూడూ ఉన్నాయి. పరిష్కారాన్ని విడిగా రాయండి, ఎందుకంటే అది మన ఊహ. ఐదుగురిలో ముగ్గురిని 60 శాతం అని మాత్రం రాయొద్దు. మీటింగ్‌లో ఆ అంకె మొత్తం కస్టమర్లకు అతుక్కుపోతుంది.

ఐదుగురు చాలంటే చాలుతారు, లేదంటే లేదు. యూజబిలిటీ పరిశోధకులు నీల్సన్, లాండావర్ 1993లో ఇచ్చిన లెక్కలో ఒక్కో యూజర్ సగటున 31 శాతం సమస్యలు బయటపెడితే, ఐదుగురితో 85 శాతం దాకా దొరుకుతాయి. పదిమందిలో ఒక్కరికే ఎదురయ్యే సమస్యైతే ఐదుగురిలో కనిపించే అవకాశం 41 శాతమే. అందుకే పదిమందిని ఒకేసారి పిలిచే బదులు ఐదుగురితో చూసి, తేదీ తప్పు సరిచేసి, మరో ఐదుగురిని పిలవడం మంచిది. ఆ రెండో విడతలో కావాలంటే నిశ్శబ్దంగా చేయించి టైమ్ కొలుచుకోవచ్చు.