టోకెనా, అపాయింట్‌మెంటా? ఆదివారం కటింగ్ షాపుకి ఏది మేలు

మాది గుంటూరులో మూడు కుర్చీల సెలూన్. మంగళవారం సెలవు. ఆదివారం ఉదయం ఏడింటికి షట్టర్ ఎత్తేసరికే నలుగురైదుగురు నిలబడి ఉంటారు, తొమ్మిదయ్యేసరికి బెంచీ నిండిపోతుంది, ఇక అక్కడి నుంచి "నేను ముందొచ్చాను", "కాదు, నేను బండి పెట్టి రావడానికి వెళ్లాను" అని గొడవ. అందులో నిశ్శబ్దంగా లేచి వెళ్లిపోయేది ఎప్పుడూ పాత కస్టమరే. కొత్తవాడు అరుస్తాడు, పాతాయన మొహమాటపడి "మళ్లీ వస్తాలే బాబూ" అంటాడు, అలా రెండు మూడు ఆదివారాలు జరిగితే వేరే షాపు చూసుకుంటాడు. అందుకే బెంచీ పద్ధతి మానేసి, రెండు నెలలు పూర్తిగా అపాయింట్‌మెంట్లు, ఆ తర్వాత టోకెన్లు పెట్టి చూశాను.

ఫోన్లో టైము ఇచ్చే పద్ధతి వినడానికి బాగుంటుంది. కానీ తొమ్మిదింటికి టైము తీసుకున్నాయన తొమ్మిదీ ఇరవైకి వస్తే ఆ కుర్చీలో మధ్యాహ్నం దాకా అందరూ వెనక్కి జరుగుతారు. అసలు రాకపోతే ఇంకా ఘోరం, ఎందుకంటే ఖాళీ కుర్చీని చూస్తూ పదిమంది బెంచీ మీద కూర్చుని ఉంటారు, వాళ్లకి ఏం చెప్తాం? పైగా వారం వారం గెడ్డానికి వచ్చే పెద్దవాళ్లు ఫోన్ చేసి బుక్ చేసుకోరు. "ఇరవయ్యేళ్లుగా వస్తున్నా, ఇప్పుడు నేను ఫోన్ చేసి అడగాలా?" అన్నారొకాయన. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

టోకెన్ దీనికంటే చాలా నయం. నంబరు తీసుకుని టిఫిన్ చేసి రావచ్చు, కూరగాయలు తెచ్చుకోవచ్చు. అయితే ఉత్త నంబరు ఇస్తే పని జరగదు, నేను మొదట చేసిన పొరపాటు అదే. మనిషికి ఇరవై నిమిషాల లెక్కన, ఒక కుర్చీకి నలుగురు ముందున్న ఆయనకి "గంటా ఇరవై నిమిషాల్లో రండి" అని చెప్పాను. ఆ నలుగురిలో ఒకరికి గెడ్డం, 15 నిమిషాలు. ఒకరికి కటింగ్, 30. ఒకరికి కటింగ్, రంగు కలిపి 45, ఆపైన రంగు పట్టడానికి 30, కడగడానికి 10. ఇంకొకరికి కటింగ్, గెడ్డం, 45. మొత్తం 175 నిమిషాలు, అంటే మూడు గంటలకి ఐదు నిమిషాలు తక్కువ! చెప్పిన టైముకి వచ్చినాయన గంటన్నరకి పైగా కూర్చున్నాడు, బెంచీ పద్ధతికంటే ఎక్కువ కోపంతో వెళ్లాడు.

అప్పటి నుంచి టోకెన్ మీద మూడు రాస్తున్నాం: నంబరు, ఏం పని, ఎవరి దగ్గర. మూడోది చాలా ముఖ్యం, రెగ్యులర్ కస్టమర్ షాపుకి కాదు, తన తల తెలిసిన చేతికి వస్తాడు. వేరే కుర్చీ ఖాళీ అయిందని బలవంతంగా కూర్చోబెడితే ఆ రోజుకి కూర్చుంటాడేమో గానీ తర్వాత రాడు. రంగు వేశాక మనిషిని కుర్చీలోంచి లేపి అద్దం పక్కన వేసిన స్టూల్ మీద కూర్చోబెడుతున్నాం, దాంతోనే పైన చెప్పిన 175 కాస్తా 145 అయింది. టోకెన్ పిలిచినప్పుడు మనిషి లేకపోతే కొట్టేయం, ఇద్దరి తర్వాత కూర్చోబెడతాం. ఈ మాట గోడ మీద రాసి పెట్టకపోతే మాత్రం రోజూ పంచాయితీయే.

మరి అపాయింట్‌మెంట్ పూర్తిగా దండగా? కాదు. మా దగ్గర ఒక్క కుర్చీకి, ఆదివారం ఏడు నుంచి పది వరకు మాత్రం ఉంచాం. అరగంట చొప్పున ఆరు టైములు, అందులో నాలుగే ఇస్తాం, ఎనిమిదికీ తొమ్మిదిన్నరకీ ఖాళీ. ఆలస్యమైతే ఆ ఖాళీలో సర్దుకుంటుంది, కాకపోతే గెడ్డం టోకెన్ ఒకటి పిలుస్తాం. పది నిమిషాలు దాటినా రాకపోతే టైము పోయినట్టే, టోకెన్ వరసలోకి వస్తారు. ఆ కుర్చీ వెనక "పది వరకు బుకింగ్" అని బోర్డు తగిలించిన రోజు నుంచి, మధ్యలో వచ్చి కూర్చున్నాడని ఎవరూ గొడవ పడలేదు. ఫోన్ చేయని పెద్దవాళ్లకి వెళ్లేటప్పుడే "వచ్చే వారం ఏడున్నరకేనా అండీ?" అని అడిగి మేమే రాసుకుంటాం.

నా మాట అడిగితే, నాలుగు కుర్చీల లోపు షాపుకి పని రాసిన టోకెనే మేలు, దానికి తోడు పొద్దున ఒక్క కుర్చీ బుకింగ్. ఆడవాళ్ల పార్లర్ సంగతి వేరు, ఫేషియల్ లాంటి గంట పైబడే పనులకి అపాయింట్‌మెంట్ లేకుండా కుదరదు. మాకూ సంక్రాంతి ముందు రెండు రోజులు బుకింగ్ బోర్డు తీసేస్తాం, ఆ రద్దీలో ఏ టైమూ నిలబడదు. ఆ రెండు రోజులూ రంగు పనులు సాయంత్రం నాలుగు తర్వాతే అని వారం ముందు నుంచే ప్రతి కస్టమర్‌కీ చెప్తాం.