కళ్ళముందే టెస్ట్ చేసి చూపించి మరీ ముంచాడు – గ్రిట్ కొనే లేయర్ ఫారం వాళ్ళు ఒకసారి చదవండి

నిన్న రాత్రి నుంచి నిద్ర లేదు. కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

తెల్ల వ్యానులో గ్లాసు సామాను వేసుకుని, "లైవ్ టెస్ట్, 95 శాతం గ్యారంటీ" అంటూ ఫారం ఫారం తిరుగుతున్న, పెంకు గట్టిగా రావడానికి మేతలో కలిపే సున్నపురాయి గ్రిట్ అమ్మే డీలరు మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. పేరు రాయను. అనపర్తి వైపు వాళ్ళకి ఈపాటికే అర్థమై ఉంటుంది. అతని దగ్గర ఐదు టన్నులు, అంటే వంద బస్తాలు తీసుకున్నాను. మామూలు రేటు కంటే టన్నుకు వెయ్యి ఎక్కువ పెట్టాను, ఎందుకంటే టెస్ట్ నా కళ్ళతో చూశాను కదా! నాది ఐదు వేల కోళ్ళ షెడ్డు. రోజుకో బస్తా అయిపోతుంది. 38 బస్తాలు వాడాక తెలిసింది, అందులో కాల్షియం కార్బొనేట్ 95 శాతం కాదు, 80 అని.

ముందు వేసవి అనుకున్నాను. ఎండలకి కోడి మేత తగ్గించడం, పెంకు పలచబడటం మనకి మామూలేగా. డి3 ఇచ్చాను, ఫాగర్లు పెంచాను, సాయంత్రం మేత పెంచాను. వందకి రెండు పగిలే గుడ్లు ఎనిమిదికి వచ్చాయి. నేను మేతలో గ్రిట్ 9 శాతం కలుపుతాను. రాయిలో కాల్షియం కార్బొనేట్ 95 శాతం ఉంటే, దాని నుంచి మేతకి వచ్చే కాల్షియం సుమారు 3.4 శాతం. 80 ఉంటే 2.9 కూడా దాటదు. ఆ తేడా అంతా పెంకులో కనబడుతోంది. నేను మాత్రం సూర్యుణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఇక ఆ రోజు జరిగింది చెప్తాను, మోసమంతా అందులోనే ఉంది. టెస్ట్ అంటే, రాయి పొడి మీద యాసిడ్ పడితే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వస్తుంది, అది ఎంత వచ్చిందో కొలిచి రాయి ఎంత శుద్ధమో లెక్క వేస్తారు. బస్తా నన్నే ఎంచుకోమన్నాడు. నేనే మధ్య వరసలోంచి ఒకటి లాగించాను. అందులోంచి పిడికెడు తీసి రోట్లో మెత్తగా నూరి, సరిగ్గా ఒక గ్రాము తూచాడు. ఫ్లాస్కులో పొడి వేసి, యాసిడ్‌ని చిన్న గొట్టంలో పోసి దారంతో లోపలికి దించి, బిరడా బిగించాక ఫ్లాస్కు వంచాడు. అలా ఎందుకయ్యా అంటే, "పైనుంచి యాసిడ్ పోస్తే అంత గాలి బయటికి నెడుతుంది బాబాయ్, లెక్క ఎక్కువ వస్తుంది, మనకి మోసం వద్దు" అన్నాడు. ఇది వినగానే నేను సగం పడిపోయాను. యాసిడ్ కూడా కావాల్సినదానికి రెట్టింపు కంటే ఎక్కువే పెట్టాడు, 2 మోలార్ హైడ్రోక్లోరిక్ 25 మిల్లీలీటర్లు. గ్రాము రాయి మొత్తం కరగడానికి అందులో పది మిల్లీలీటర్లు చాలు. మిగిలింది భరోసా కోసం. అదీ సరైన పద్ధతే.

ఇంకోటి వినండి. టబ్బులో నీళ్ళ మీద కొలజాడీ బోర్లించి ఆ గ్యాస్‌ని అందులోకి పట్టాడు. అసలు టెస్టుకి ముందు రెండుసార్లు ఉత్తినే సోడా పొడి, యాసిడ్ కలిపి ఆ నీళ్ళలోకి గ్యాస్ వదిలాడు. ఈ గ్యాస్ నీళ్ళలో బాగా కరుగుతుంది. మన ఎండ వేడిలో కూడా లీటరు నీళ్ళు అర లీటరుకి పైగా గ్యాస్‌ని మింగేయగలవు. ముందే కడుపు నింపితే అసలు టెస్టులో మింగవు. కరెక్టే! నాకు చాలా ముచ్చటేసింది. ఇంత పద్ధతిగా చేసేవాడు అబద్ధమెలా ఆడతాడు అనుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్ళు మండుతోంది. గ్యాస్ తక్కువ చూపించే తప్పు ఒక్కటి కూడా జరగనివ్వలేదు. ఎక్కువ చూపించే తప్పుల్లో నాకు కనబడేదాన్ని సరిచేసి చూపించి, కనబడనిదాన్ని అలాగే వదిలేశాడు.

బుడగలు ఆగాయి. ఫ్లాస్కు చల్లారేదాకా ఆగాడు. కొలజాడీ మీద 214 మిల్లీలీటర్లు. ఫోన్ తీసి నా ముందే నొక్కాడు: 214ని 22400తో భాగించు, వందతో గుణించు, 0.955 గ్రాములు. ఒక గ్రాములో 0.955 అంటే తొంభై ఐదున్నర శాతం. "చూశారా బాబాయ్, అర శాతం బోనస్!"

నేను ఇంటర్ బైపీసీ. ఇదే లెక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. CaCO3 + 2HCl → CaCl2 + H2O + CO2, వంద గ్రాముల రాయికి 22.4 లీటర్ల గ్యాస్. ప్రశ్నలో ఎప్పుడూ "ఎస్టీపీ వద్ద" అని రెండు ముక్కలు ఉండేవి. వాటిని ఎప్పుడైనా చదివితే కదా! ఆ 22.4 లీటర్లు సున్నా డిగ్రీల చలిలో, 760 మిల్లీమీటర్ల పీడనంలో, చుక్క తేమ లేని గ్యాస్‌కి. మా షెడ్డులో ఆ రోజు 34 డిగ్రీలు. గోడకి నేను తగిలించిన థర్మామీటరే, నా నెత్తి మీదే ఉంది.

ఇక అసలు ఘట్టం. టెస్ట్ అయ్యాక ఫ్లాస్కు ఊపితే అడుగున బూడిదరంగు మడ్డి గట్టిగానే కనబడింది. "ఏమయ్యా, 95 శాతం కరిగితే ఇంత మిగిలిందేంటి?" అన్నాను. అప్పటిదాకా బాబాయ్ బాబాయ్ అన్నవాడు మొహం మార్చాడు. "రాయన్నాక మట్టి ఉండదేంటండీ? మీ కోళ్ళు గ్రిట్ తింటాయా, కెమిస్ట్రీ చదువుతాయా?" అని, ఆ ఫ్లాస్కు తీసి గట్టు మీద బోర్లించేసి, బాటిల్ నీళ్ళతో కడిగేశాడు. పనివాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను చూడండి, అదీ నా బతుకు. ఆ మడ్డిని చిన్న గుడ్డలో వడకట్టి, ఎండబెట్టి తూచి ఉంటే ఐదు నిమిషాల్లో బండారం బయటపడేది. సాక్ష్యం మట్టిలో కలిసిపోతుంటే అడ్వాన్స్ డబ్బులు లెక్కపెడుతూ నిలబడ్డాను.

పోయిన వారం మా ఊరి రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు గుడ్లకి వచ్చారు. పగిలిన ట్రేలు చూసి అడిగితే మా అబ్బాయి తీసిన వీడియో చూపించాను. ఆయన రెండుసార్లు చూసి, "వాడు ఈ ఎండని, నీళ్ళ ఆవిరిని కూడా సున్నపురాయి లెక్కలో వేసి నీకు అమ్మాడయ్యా" అన్నారు. కాగితం మీద వేసి చూపించారు, అది ఇక్కడ రాస్తున్నాను, మీరూ వేసుకోండి.

నీళ్ళ మీద పట్టిన గ్యాస్‌లో నీటి ఆవిరి కలిసి ఉంటుంది. 34 డిగ్రీల దగ్గర ఆ ఆవిరి పీడనం 40 మిల్లీమీటర్లు. ఆ రోజు గాలి పీడనం 1006 మిల్లీబార్లు, ఫోన్లో వాతావరణం పేజీలో ఉంటుంది. అంటే 755 మిల్లీమీటర్లు. అందులో 40 తీసేస్తే మన గ్యాస్ వంతు 715. ఇప్పుడు 214ని 715తో గుణించి 760తో భాగిస్తే 201 వస్తుంది. ఇంకా వేడి ఉంది. సున్నా డిగ్రీలంటే 273 కెల్విన్, 34 డిగ్రీలంటే 307. 201ని 273తో గుణించి 307తో భాగిస్తే 179. అదీ అసలు గ్యాస్. 179ని 22400తో భాగించి వందతో గుణిస్తే 0.799 గ్రాములు, అంటే 80 శాతం.

214 అన్న కొలతలో అబద్ధం లేదు. రాయి నాదే, బస్తా నేనే ఎంచాను, జాడీ మీద గీత నేనే చదివాను. ఆ మధ్యలో ఉన్న 35 మిల్లీలీటర్లు మాత్రం వేసవివి.

నమ్మకం కుదరక మర్నాడు మాస్టారి పాత సామానుతోనే మూడు వేరువేరు బస్తాల్లోంచి తీసి చేశాం. 78, 80, 81 వచ్చాయి. మడ్డిని వడకట్టి, కడిగి, ఆరబెట్టి తూస్తే గ్రాముకి 0.19. ఎనభై కరిగింది, పంతొమ్మిది మిగిలింది, లెక్క రెండు వైపుల నుంచీ ఒకచోటే కలిసింది. ఆ మడ్డి ఎక్కువగా ఇసుక, బంకమట్టి. కోడికి కాల్షియం బదులు ఇసుక పెట్టాను నెల పైన.

నిన్న ఫోన్ చేశాను. ముందు ఎత్తలేదు, మా ఆవిడ నంబర్ నుంచి చేస్తే ఎత్తాడు. ఇదంతా చెప్తే, "22.4 అని నేను కనిపెట్టానా సార్, పుస్తకంలో ఉంది, పుస్తకం మీద కేసు వేసుకోండి" అన్నాడు. అది సున్నా డిగ్రీల దగ్గర అని చెప్తే, "అయితే మీ షెడ్డుకి ఏసీ పెట్టించుకోండి" అని పెట్టేశాడు. తెలియక చేశాడేమోనని అప్పటిదాకా మనసులో ఒక మూల ఉండేది. నీళ్ళకి ముందే గ్యాస్ పట్టించాలని తెలిసినవాడికి 22.4 ఎక్కడిదో తెలియదా? మిగిలిన 62 బస్తాలు వెనక్కి తీసుకోడట. బిల్లు మీద శుద్ధత ఎంతో రాయలేదు, "గ్రిట్ – 100 బస్తాలు" అని మాత్రమే ఉంది. అది కూడా ఇవాళే చూసుకున్నాను, తెలివైనవాణ్ణి కదా.

సరే, కొనేవాళ్ళకి రెండు మాటలు. ఎవరైనా మీ ముందు ఈ టెస్ట్ చేస్తే గ్యాస్ ఎన్ని మిల్లీలీటర్లో కాక, ఆ రోజు ఉష్ణోగ్రత, పీడనం ఎంత పెట్టి లెక్క వేశారో అడగండి. 22400 నేరుగా వాడితే మన వేసవిలో పదిహేను శాతం దాకా ఊరికే కలుస్తుంది. మడ్డిని పారబోయనివ్వకండి. బిల్లు మీద శాతం రాయించండి.

ఇంకోటి, మాస్టారు చెప్పింది మర్చిపోయాను. లెక్క అంతా సరిగ్గా వేసినా ఈ టెస్ట్ గ్యాస్‌నే కొలుస్తుంది, కాల్షియంని కాదు. రాయిలో డోలమైట్ కలిస్తే, గ్రాముకి గ్రాము అది సున్నపురాయి కంటే ఎక్కువ గ్యాస్ ఇస్తుంది. స్వచ్ఛమైన డోలమైట్ పెడితే ఇదే లెక్కలో 108 శాతం వస్తుంది, కాల్షియం మాత్రం సున్నపురాయిలో సగం కంటే కాస్త ఎక్కువే, అంతే. పలచని చల్లటి యాసిడ్‌లో డోలమైట్ బుడగలు నెమ్మదిగా, చాలాసేపు వస్తూనే ఉంటాయి. సున్నపురాయి పొడి అయితే బుస్సున పొంగి ఆగిపోతుంది. అనుమానం వస్తే ల్యాబ్‌కి పంపి కాల్షియం, మెగ్నీషియం విడివిడిగా చేయించండి. నేను నా 62 బస్తాల్లోంచి రేపు పంపుతున్నాను, రిపోర్ట్ రాగానే ఇక్కడే పెడతాను.